పోటీ పరీక్షల ప్రత్యేకం: హక్కులు అట్టిపెట్టుకునే బీమా లేఖ

చిట్టమూరులో తుపాను నీరు చేరి రొయ్యల మేత గోదాము పాడైందనుకుందాం. యజమాని నెల ఆలస్యంగా క్లెయిమ్ పెట్టారు. సర్వేయర్‌ను పంపుతూనే కంపెనీ ఒక లేఖ రాస్తుంది: ‘ఆలస్యంపై మా హక్కులు వదులుకోకుండానే పరిశీలిస్తున్నాం.’ ఇదే రిజర్వేషన్ ఆఫ్ రైట్స్ లేఖ. మన దగ్గర ఇది ఎక్కువగా ‘వితౌట్ ప్రెజుడిస్’ అనే మాటతో వస్తుంది. ఇది తిరస్కరణ కాదు, అంగీకారమూ కాదు.

లేఖ ఎందుకంటే, అభ్యంతరం చెప్పకుండా సర్వే చేయించిన కంపెనీ ఆ షరతును వదులుకుందనే వాదన వస్తుంది. హైదరాబాద్‌కు చెందిన గలాడా పవర్ కేసు (2016)లో సుప్రీంకోర్టు ఈ వాదననే ఒప్పుకుంది. అక్కడ తిరస్కరణ లేఖలోనూ ఆలస్యం ఊసు లేదు. అయితే సోనెల్ క్లాక్స్ కేసు (2018)లో సర్వేయర్‌ను నియమించినంత మాత్రాన షరతు వదులుకున్నట్టు కాదని తేల్చింది. అభ్యర్థులు ఈ రెండిటినీ జంటగా చదవాలి.

లేఖ అందిన పాలసీదారు ముందు అందులో చెప్పిన షరతు సంఖ్యను తన పాలసీలో వెతకాలి. ఆలస్యానికి కారణాన్ని ఆధారాలతో రాతపూర్వకంగా తెలపాలి. సర్వేకు సహకరించాలి, పాడైన సరుకును చూపించకముందే పారేయకూడదు. ‘పూర్తి పరిష్కారం’ అనే రశీదుపై చదవకుండా సంతకం పెట్టకూడదు. చివరికి తిరస్కరిస్తే, అర్హత ఉన్నవారు ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.