అన్నారు సరే, ఎవరన్నారు?

ఇంగ్లీషులో నాలుగే లైన్లున్న ఒక సంభాషణ తీసుకుందాం. ఒక ఆసుపత్రి, ఒక కుర్ర డాక్టరు, ఊరి నుంచి వచ్చిన ఒక ముసలావిడ. డాక్టరు "హ్యావ్ యు టేకెన్ యువర్ మెడిసిన్?" అంటాడు. ఆవిడ "ఐ వాజ్ టోల్డ్ నాట్ టు టేక్ ఇట్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్" అంటుంది. "హూ టోల్డ్ యు దట్?" "యు డిడ్." అంతే. ఆ చివరి మాటకి నవ్వు రావాలి. దీన్ని రెండు చోట్ల కోసం తెలుగు చెయ్యాలి అనుకోండి. ఒకటి స్టేజీ మీద వేసే స్కిట్, రెండోది ఐదో తరగతి పిల్లలు చదువుకునే పాఠం.

ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి మొదట తట్టేది ఇలా ఉంటుంది.

"మీరు మీ మందు తీసుకున్నారా?"
"ఖాళీ కడుపుతో దానిని తీసుకోకూడదని నాకు చెప్పబడింది."
"మీకు అది ఎవరు చెప్పారు?"
"మీరు చెప్పారు."

వ్యాకరణం పుస్తకం తీసి వెతికితే ఇందులో పెద్ద తప్పు దొరకదు. ఇది గ్రాంథికం కూడా కాదు. గ్రాంథికమైతే "సేవించితిరా" అని ఉండేది. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది పుస్తకాల్లోని అలాంటి భాష మీద. ఆ పోరాటం ఎప్పుడో గెలిచాం. ఇప్పుడు మిగిలిన తేడా వేరు. కాగితం మీది వాడుక భాష ఒకటి, నోట్లోది ఇంకొకటి. పేపర్లో రోజూ చదివే తెలుగు మొదటి రకం. దాన్ని తెచ్చి ముసలావిడ నోట్లో పెడితే ఆవిడ ప్రెస్ మీట్ పెట్టినట్టు ఉంటుంది.

ముందు తేలిగ్గా తేలేవి చూద్దాం. మన సంభాషణలో ఎదురుగా ఉన్న మనిషిని "మీరు మీ" అని రెండుసార్లు చెప్పం, క్రియ చివర "రా" ఉంటే చాలు. "దానిని" అక్కర్లేదు. "ఖాళీ కడుపుతో" అనేదానికి "పరగడుపున" అనే మంచి మాట ఇళ్ళల్లో ఇంకా బతికే ఉంది. ఇక "మందు". కాగితం మీద నిక్షేపంలాంటి మాటే, కానీ కాలేజీ ఆడిటోరియంలో డాక్టరు "మందు తీసుకున్నారా?" అని అడిగితే రాకూడని చోట నవ్వు వస్తుంది. "ట్యాబ్లెట్ వేసుకున్నారా?" అంటే గొడవ లేదు.

అసలు చిక్కు రెండో లైన్లో ఉంది. ఇంగ్లీషులో "ఐ వాజ్ టోల్డ్" అన్నప్పుడు చెప్పినవాడు ఎవరో దాక్కుంటాడు. అలా దాచితేనే చివర్లో "యు డిడ్" పేలుతుంది. "చెప్పబడింది" కూడా దాస్తుంది నిజమే, కానీ మాట్లాడేటప్పుడు "బడు" ఎవరూ వాడరు. అలాగని "మీరు వద్దన్నారు" అని మామూలుగా రాస్తే రహస్యం రెండో లైన్లోనే బయటపడుతుంది.

దీనికి మందు తెలుగులోనే ఉంది (ఈసారి నిజం మందు). "మీరు అన్నారు", "వాళ్ళు అన్నారు", "ఆయన అన్నారు", మూడింటికీ క్రియ ఒకటే. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే "అన్నారు" ఓవర్‌లోడ్ అయి ఉంది, ఎవరో తెలియాలంటే సందర్భం కావాలి. కాబట్టి కర్తని వదిలేస్తే చాలు.

"ట్యాబ్లెట్ వేసుకున్నారా అమ్మా?"
"పరగడుపున వేసుకోవద్దన్నారు బాబూ."
"ఎవరన్నారు?"
"మీరేగా!"

డాక్టరు రెండో లైన్ విని ఇంకెవరో అన్నారనుకుంటాడు. ఆవిడ అబద్ధమూ చెప్పలేదు. ఇంగ్లీషులో పాసివ్ చేసిన పనిని ఇక్కడ "రు" చేసింది. కానీ దీనికి ఒక షరతు ఉంది. ఆవిడ డాక్టర్ని "మీరు" అనాలి. మనవడి వయసువాడు కదా అని "నువ్వు" అనిపిస్తే "వద్దన్నావు" అనాల్సి వస్తుంది, దాంతో అంతా తేలిపోతుంది. అంటే మొదటి లైన్ తెలుగు చెయ్యకముందే, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో నాలుగో లైన్ దాకా చూసి తేల్చుకోవాలి. ఇంగ్లీష్ "యు" మనకి ఈ సంగతి చెప్పదు.

"గా" కూడా చూడండి. దాన్ని రెండో లైన్లో పెట్టి "వద్దన్నారుగా" అంటే సహజంగానే ఉంటుంది, కానీ జోక్ చెడుతుంది. "గా" అంటే "నీకూ తెలిసిందే కదా" అని. అది వినగానే డాక్టరుకి అనుమానం రావాలి, "ఎవరన్నారు?" అని అడగడం కుదరదు. అందుకే అది ఆఖరి లైన్‌కి జరిగింది. మాట్లాడే భాష వాసన రావాలని చాలామంది ఇలాంటి గా, కదా, మరి, లే అన్నీ పోపు గింజల్లా చల్లుతారు. వాటిలో ప్రతిదానికీ ఒక అర్థం ఉంది.

ఇప్పుడు స్పెల్లింగ్. "వేసుకున్నారా" అని రాయాలా, "వేస్కున్నారా" అనా? నేనైతే మొదటిదే అంటాను, స్టేజీ స్క్రిప్టులో కూడా. మామూలు వేగంతో పలికితే మధ్యలో ఉన్న "ఉ" దానంతట అదే పోతుంది, యాక్టర్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. చదివేవాడు తనంతట తాను పలకలేనిదే రాసి ఇవ్వాలి. "గా" అలాంటిది, రాయకపోతే రాదు.

పాఠంలో సంగతి కొంచెం వేరు. "వేసుకోవద్దన్నారు" ఐదో తరగతి పిల్లవాడికి పొడుగు మాట, "వేసుకోవద్దు అన్నారు" అని విడదీస్తే కూడబలుక్కోకుండా చదువుతాడు. సంధి విప్పినా ఎవరన్నారో బయటపడదు, అది ముఖ్యం. ఇంకో సమస్య, పాఠంలో యాక్టర్ ఉండడు. డాక్టరు తెల్లబోవడం ఎవరూ చూపించరు కాబట్టి "ఎవరు అన్నారు?" ముందు బ్రాకెట్లో "ఆశ్చర్యంగా" అని ఉండాలి. అలాగని "మీరేగా"ని "మీరే చెప్పారు కదా" అని సాగదీయకూడదు. పాఠ్యపుస్తకం కదా అని పూర్తి వాక్యం కోసం కొందరు పట్టుబడతారు. కానీ ఒక్క మాటతో జవాబు చెప్పడం తెలుగులో తప్పు కాదు, ఆ పిల్లవాడి ఇంట్లో అందరూ అలాగే చెప్తారు.

ఇదే సీన్లో నర్సుకి ఒక లైన్ ఉందనుకోండి, డాక్టరు గురించి: "హి సెడ్ హి వుడ్ కమ్ ఎట్ టెన్." చూస్తూ చూస్తూ "ఆయన పదింటికి వస్తారని చెప్పారు" అని రాసేస్తాం. కానీ అది వింటే, డాక్టరు వస్తారని ఇంకెవరో చెప్పినట్టుంటుంది. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకుంటే తెలుగులో లోపలి క్రియ "నేను"కి తగ్గట్టే ఉంటుంది. రాస్తే "పదింటికి వస్తానని చెప్పారు", మాట్లాడితే "పదింటికొస్తానన్నారు". రిజిస్టర్ ఏదైనా ఆ "తాను" మాత్రం మారదు. మారితే భాష స్థాయి కాదు, అర్థమే మారుతుంది.

ఇక ముసలావిడ పాత్ర తెలంగాణ పల్లె మనిషిదైతే? "అన్నారు"ని "అన్నరు" చేసి, "ట్యాబ్లెట్"ని "గోలి" చేస్తే సరిపోదు. అలాంటి అవ్వ కుర్ర డాక్టర్ని "నువ్వు" అనే అవకాశమే ఎక్కువ, అందులో అమర్యాదేమీ లేదు. అప్పుడు "రు" చాటున దాక్కోవడానికి వీల్లేదు, "వద్దన్నవు" అనాల్సిందే. కర్తని దాచడానికి వేరే చోటు వెతకాలి. "అన్న మాట"లో "అన్న"కి ఎవరన్నారనే గుర్తు ఉండదు, నేనైనా నువ్వైనా వాళ్ళైనా ఒకటే. అది వాడితే ఇలా వస్తుంది.

"గోలి ఏసుకున్నవా అవ్వా?"
"పరగడుపున ఏసుకోవద్దన్న మాట యాదికుంది బిడ్డా."
"ఎవరన్నరు ఆ మాట?"
"నువ్వే!"