మూతపడిన కంపెనీ నుంచి అనుభవ పత్రం

ప్రశ్న: హైదరాబాద్‌లో నేను పనిచేసిన ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ మూతపడింది. కొత్త ఉద్యోగానికి అనుభవ పత్రం కావాలి. మాజీ డైరెక్టర్‌కు ఎలా రాయాలి?

జవాబు: ముందు mca.gov.in లో కంపెనీ పేరుతో మాస్టర్ డేటా చూడండి. అది లిక్విడేషన్‌లో ఉంటే రికార్డులు లిక్విడేటర్ చేతిలో ఉంటాయి కాబట్టి లేఖ ఆయనకే రాయాలి. రిజిస్టరు నుంచి తొలగించి ఉంటే డైరెక్టర్‌కు రాయండి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత లెటర్‌హెడ్ మీద పాత తేదీ వేసి ఇమ్మంటారు. తనిఖీలో అది కంపెనీ మూతపడ్డాక రాసిందని తేలితే, మీరు నిజంగా పనిచేసినా పత్రం నకిలీదవుతుంది. అందుకే ఇవాళ్టి తేదీతో, ఆయన సొంత సంతకంతో అడగండి. ఇలా రాయవచ్చు:

"అయ్యా, నేను మీ సంస్థలో 2017 జూన్ నుంచి 2021 మార్చి వరకు అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేశాను. సంస్థ మూతపడిన విషయం పేర్కొంటూ, మాజీ డైరెక్టర్ హోదాలో నా హోదా, పనికాలం ధ్రువీకరిస్తూ లేఖ ఇవ్వగలరు. నియామక పత్రం, పీఎఫ్ సర్వీస్ వివరాలు జతచేశాను."

జతచేసే కాగితాలే ఆయనకు ధైర్యం. రికార్డులు దగ్గర లేకపోయినా వాటిని చూసి సంతకం చేయగలరు. తేదీలు పీఎఫ్‌లో ఉన్నట్టే రాయండి. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి.

జవాబు రాకపోతే పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు కొత్త సంస్థ హెచ్‌ఆర్‌కు చూపి, కంపెనీ మూతపడిన సంగతి ముందే చెప్పండి. పీఎఫ్‌లో తేదీలు తప్పుగా ఉన్నా, అసలు జమే కాకపోయినా పీఎఫ్ కార్యాలయానికి స్వయంగా వెళ్లండి. జీతం బకాయి కూడా ఉంటే లేబర్ న్యాయవాదిని కలవండి.