గడి నిండాలంటే ఆధారం ఉండాలి: పోటీదార్ల గ్రిడ్ నుంచి స్వాట్ దాకా

మేనేజర్ పిలిచి, “కొత్త సెగ్మెంట్‌లోకి వెళ్దామనుకుంటున్నాం, శుక్రవారానికి కాంపిటీటర్ అనాలిసిస్ చేసి పెట్టు” అంటే మనలో చాలామంది ముందు స్వాట్ స్లైడు తెరుస్తాం. నాలుగు పెట్టెలు గీసి, “బలమైన బ్రాండ్”, “పెరుగుతున్న పోటీ” అని నింపేస్తాం. స్వాట్ చివర రావాల్సిన పని. ముందు గ్రిడ్ వేయాలి. ఎందుకో టెక్సస్‌లో మనం రోజూ చూసే ఒక కంపెనీని తీసుకుని చెబుతాను.

హెచ్ఈబీ 1905లో కెర్‌విల్‌లో చిన్న కిరాణా కొట్టుగా మొదలైంది. ఇవాళ అమెరికాలో దాని స్టోర్లన్నీ టెక్సస్‌లోనే ఉన్నాయి. 2022లో ఫ్రిస్కోలో తన పేరుతో పెద్ద స్టోరు తెరిచినప్పుడు జనం రాత్రి నుంచే బారులు తీరారు. అనలిస్టుకు అంతకన్నా పనికొచ్చేది 2024 జూన్‌లో జరిగింది. డాలస్ దక్షిణాన వీట్‌ల్యాండ్ రోడ్డులో ఆ కంపెనీ ‘జో వీస్ స్మార్ట్ షాప్’ తెరిచింది. ఇది తక్కువ రకాలు, తక్కువ ధరల దుకాణం. హ్యూస్టన్‌లో 2010 నుంచీ ఉన్నా, డాలస్‌లో ఆ సెగ్మెంట్ హెచ్ఈబీకి అప్పుడు కొత్త. కింద చెప్పేది కంపెనీ లోపలి విశ్లేషణ కాదు. బయటి మనిషి, అందరికీ కనిపించే సమాచారంతో వేయగలిగిన గ్రిడ్.

మనం హెచ్ఈబీ అనలిస్టులమే అనుకుందాం. మొదటి ప్రశ్న, నిలువు వరుసల్లో ఎవరెవరిని పెట్టాలి? ఆల్డీ, వాల్‌మార్ట్, విన్‌కో వెంటనే గుర్తొస్తాయి. మన కంపెనీ పెద్ద స్టోరుకు పోటీ ఎవరని కాకుండా, ఈ కొత్త దుకాణానికి రాబోయే కుటుంబం ఇవాళ సరుకులు ఎక్కడ కొంటోందని అడగాలి. అప్పుడు ఫియెస్టా మార్ట్, డాలర్ స్టోర్లు కూడా జాబితాలోకి వస్తాయి. చాలామంది మరిచిపోయే వరుస ఇంకొకటుంది. అది మన సొంత పెద్ద స్టోరు. కొత్త దుకాణానికి వచ్చేవాళ్లలో సగంమంది మన పాత కస్టమర్లే అయితే అమ్మకం పెరిగినట్టు కనిపిస్తుంది, లాభం తగ్గుతుంది. కాబట్టి హెచ్ఈబీని కూడా పోటీదారుల పక్కనే నిలబెట్టాలి.

అడ్డ వరుసల్లో కస్టమర్ దుకాణాన్ని ఎంచుకునే కారణాలు ఉండాలి. నెల సరుకుల బిల్లు ఎంతవుతుంది, ఒక్క చోటే అన్నీ దొరుకుతాయా, కూరగాయలూ మాంసమూ తాజాగా ఉంటాయా, డబ్బు ఎలా కట్టాలి, ఎంతసేపు పడుతుంది అన్నవి చాలు. ‘మేనేజ్‌మెంట్ నాణ్యత’ లాంటి వరుస పెడితే ఆ గడిని ఊహతోనే నింపాలి.

గడి నింపే పనికి ఓపిక కావాలి. ధర వరుసే తీసుకోండి. ఇరవై వస్తువుల బుట్ట ఒకటి రాసుకుని, అన్ని దుకాణాలకూ ఒకే రోజు, ఒకే ప్రాంతంలో వెళ్లాలి. ప్యాకెట్ ధర కాకుండా ఔన్సు ధర రాయాలి. ఆల్డీ సరుకులో అత్యధిక భాగం దాని సొంత బ్రాండ్లే. కాబట్టి దాని ఓట్స్‌ను వాల్‌మార్ట్‌లోని పేరున్న కంపెనీ ఓట్స్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది. సొంత బ్రాండును సొంత బ్రాండుతోనే పోల్చాలి. యాప్ కూపన్ ధరను వేరే గడిలో పెట్టాలి. ఒక వస్తువు లేకపోతే దగ్గరగా ఉన్న మరొకటి వేసేయకుండా ‘లేదు’ అని రాయాలి. ఆ ‘లేదు’లు ఎన్నున్నాయో చూస్తే ఆల్డీకి వెళ్లిన కుటుంబం ఇంకో దుకాణానికి ఎందుకు వెళ్తుందో తెలుస్తుంది. ధరల పట్టికలో నాకు అన్నిటికన్నా విలువైన గడులు అవే.

విన్‌కో గడి ఇంకో సంగతి చెబుతుంది. అక్కడ క్రెడిట్ కార్డు తీసుకోరు, సరుకు సంచుల్లో మనమే సర్దుకోవాలి. తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తోందో ఆ గడిలోనే ఉంది. ‘ధర: తక్కువ’ అని మాత్రమే రాస్తే, ఆ ధర వెనక ఏ ఖర్చు మానేశారో కనపడదు. మనం దేన్ని మానుకోగలమో కూడా తేలదు.

గడులకు మార్కులు వేయాలన్న కోరిక సహజం. అయితే జాగ్రత్త. ఊరికే ఒక లెక్క చూద్దాం: ధర, తాజాదనం, అన్నీ ఒకేచోట అనే మూడింటికి ఆల్డీకి 5, 3, 2, వాల్‌మార్ట్‌కు 4, 3, 5 వేశామనుకోండి. ఆ మూడింటి ప్రాధాన్యం 40, 30, 30 అయితే ఆల్డీకి 350, వాల్‌మార్ట్‌కు 400 వస్తాయి. ధరకు 70, మిగతా రెంటికీ 15 చొప్పున ఇస్తే ఆల్డీకి 425, వాల్‌మార్ట్‌కు 400. గెలిచినవాడు మారిపోయాడు, దుకాణాల్లో ఏమీ మారలేదు. ప్రాధాన్యాలు అడిగి తెలుసుకున్నవి కాకపోతే మొత్తం మార్కులు చూపించకండి. గడిలో చూసిన సంగతి, చూసిన తేదీ రాస్తే చాలు.

ఇప్పుడు స్వాట్. ప్రతి వాక్యమూ గ్రిడ్‌లో ఏదో ఒక గడిని చూపించగలగాలి. ఇంకో పరీక్ష కూడా పెట్టండి: వాక్యంలో మన పేరు తీసి పోటీదారు పేరు పెడితే అదీ నిజమే అనిపిస్తే, ఆ వాక్యం కొట్టేయండి. “నాణ్యమైన సరుకు” అన్నది ఇక్కడే పోతుంది.

కొత్త సెగ్మెంట్‌లో అసలు చిక్కు బలాల పెట్టెలోనే ఉంటుంది. హెచ్ఈబీకి జనం అభిమానం వచ్చింది అనేక రకాల సరుకు వల్ల, స్టోరులోనే తయారయ్యే తాజా వంటకాల వల్ల, సాయం చేసే సిబ్బంది వల్ల. డిస్కౌంట్ దుకాణంలో ఇవన్నీ ఖర్చులు. అభిమానం బలమే. దాన్ని సంపాదించిపెట్టిన పద్ధతులు మాత్రం ఇక్కడ బలహీనతల వైపు చేరతాయి. మరి ఏది నిజంగా బలం? ఏళ్ల తరబడి నిలబెట్టిన సొంత బ్రాండ్లు, హ్యూస్టన్‌లో ఇదే నమూనాను దశాబ్దానికి పైగా నడిపిన అనుభవం. ఆల్డీకీ సొంత బ్రాండ్లున్నాయి కాబట్టి మొదటిది సగం బలమే. రెండోది పూర్తి బలం. దుకాణానికి వేరే పేరు ఉండటం వల్ల పెద్ద స్టోరు పేరు మీద పడే దెబ్బ తగ్గుతుందని నా అభిప్రాయం. అయితే కొత్త కస్టమర్‌కు ఆ పేరు వెనక ఎవరున్నారో తెలియకపోవడం కూడా అక్కడే మొదలవుతుంది.

అవకాశాలు, ముప్పులు మన చేతిలో లేనివి. “ఇంకో పది స్టోర్లు తెరవడం” అవకాశం కాదు, అది మన నిర్ణయం. ఆల్డీ 2028 చివరికల్లా దేశమంతటా 800 స్టోర్లు చేర్చుతామని 2024లో ప్రకటించింది. అది ముప్పు, తేదీతో సహా రాయదగింది.

సమాచారం ఎక్కడిదో కూడా చూసుకోవాలి. వాల్‌మార్ట్ వార్షిక నివేదిక ఎస్ఈసీ సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. హెచ్ఈబీ, ఆల్డీ, విన్‌కో షేర్ మార్కెట్లో లేవు కాబట్టి వాటి లాభాల గడులు ఖాళీగానే ఉండనివ్వండి. “మనవాడు అక్కడ ప్రైసింగ్ టీమ్‌లో ఉన్నాడు కదా” అని వాట్సాప్‌లో ఫైలు అడగడం మాత్రం వద్దు. 2016 నాటి ఫెడరల్ చట్టం వాణిజ్య రహస్యాల దొంగతనంపై కంపెనీలు నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లే వీలిచ్చింది. వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోవడం ఒక్కటే నష్టం కాదు.

చివరి స్లైడులో నాలుగు పెట్టెలు అలా వదిలేయకుండా జత చేయండి. హ్యూస్టన్ అనుభవాన్ని ఆల్డీ విస్తరణకు ఎదురు పెడితే, “ఆల్డీ గడిలో ‘లేదు’ అని పడిన సరుకులు మన దుకాణంలో తప్పక ఉండాలా, ఎంత ఖర్చుకు?” అనే ప్రశ్న వస్తుంది. మేనేజర్ నిర్ణయించాల్సింది ఆ ప్రశ్న మీదే. దాని పక్కన, ఏ గడి మారితే మన సలహా మారుతుందో, ఆ గడిని మళ్లీ ఎవరు, ఏ తేదీన చూస్తారో రాసి పంపండి.