నీళ్ల నోటీసు గురించి సౌమ్యకు

చిరంజీవి సౌమ్యకు,

నువ్వు పంపిన నోటీసు చిత్తుప్రతి చదివాను. కమిషనర్ గారు తగ్గించమన్నారనీ, ఏ మాట తీసేయాలో తోచడం లేదనీ రాశావు. మాటలు తీయాలని కూర్చుంటే ఒక్కటీ కదలదమ్మా. ముందు క్రియలు మార్చు. పత్రికలో డెస్కు మీద ఉన్నన్నాళ్లూ ఇలాంటి ప్రకటనలు తిరగరాయడమే నా పని కాబట్టి, నీ వాక్యాన్నే పట్టుకుని చెబుతాను.

"పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ప్రధాన పైపులైను యొక్క మరమ్మతు పనులు చేపట్టబడుచున్న కారణంగా, ఈ నెల 14, 15 తేదీలలో 3, 4, 7 వార్డుల పరిధిలో తాగునీటి సరఫరాకు అంతరాయం ఏర్పడటం జరుగుతుందని, కావున ప్రజలు ముందస్తుగా నీటి నిల్వ ఏర్పాట్లు చేసుకొనవలసిందిగా విజ్ఞప్తి చేయడమైనది."

అంకెలతో కలిపి 35 మాటలు. ఇందులో జరిగే పనులు మూడే. మీరు పైపు బాగుచేస్తారు, నీళ్లు రావు, జనం ముందే పట్టుకోవాలి. ఆ మూడూ నీ వాక్యంలో క్రియలుగా లేవు. 'మరమ్మతు పనులు', 'అంతరాయం', 'నిల్వ ఏర్పాట్లు' అంటూ నామవాచకాలై కూర్చున్నాయి. పనిని నామవాచకం చేశాక వాక్యం నడవడానికి ఇంకో క్రియ అరువు తెచ్చుకోవాలి. చేపట్టడం, ఏర్పడటం, జరగడం, చేసుకోవడం అన్నీ అలా వచ్చినవే. 'పరిశీలన చేయడం జరిగింది' అన్నదాన్ని విప్పి చూడు. 'జరిగింది' తీస్తే 'పరిశీలన చేశారు', 'చేశారు' కూడా తీస్తే 'పరిశీలించారు'. మూడు మాటలు ఒకటైనా అర్థం ఏమాత్రం తగ్గలేదు, పైగా చేసినవాళ్లు వచ్చారు.

చేసినవాళ్లు వచ్చారన్నది చిన్న సంగతి కాదు. మన క్రియ చివరనే కర్త ఉంటాడు. 'బాగుచేస్తున్నాం' అంటే మేము, 'బాగుచేస్తున్నారు' అంటే వాళ్లు. వేరే మాట అక్కర్లేదు. 'చేయబడుచున్నది' అన్నావా, ఆ కర్త పోతాడు. మళ్లీ తీసుకురావాలంటే 'మున్సిపాలిటీ వారిచే' అనో 'సిబ్బంది ద్వారా' అనో ఇంకో రెండు మాటలు పెట్టాలి.

ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు 'బడు' తప్పదు కదా అంటావేమో. ఇంగ్లీషులో ఆ ఇబ్బంది ఉంది, కర్మను వాక్యం ముందుకు తేవాలంటే వాళ్లు వాక్యాన్నే తిప్పాలి. మనకు విభక్తులున్నాయి. 'పాత ట్యాంకును కూల్చేశారు' అంటే ట్యాంకే ముందుంది, కూల్చిందెవరో చెప్పనే లేదు. అయినా క్రియ కర్తరిలోనే ఉంది. ఇంకా కొన్నిచోట్ల కర్త ఊసే లేని క్రియలు మనకు సిద్ధంగా ఉన్నాయి. తెంచితే తెగుతుంది, ముంచితే మునుగుతుంది, పగలగొడితే పగులుతుంది. 'రోడ్డు తెగింది' అనగలిగినప్పుడు 'రోడ్డు ధ్వంసం చేయబడింది' ఎందుకు?

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. కర్తను చెప్పకుండా వదిలేస్తే పాఠకుడు పై వాక్యంలోని కర్తనే తెచ్చి పెట్టుకుంటాడు. 'సిబ్బంది పంపుహౌసుకు వెళ్లారు. తాళం పగలగొట్టారు' అని రాస్తే దొంగతనం మీ సిబ్బంది మెడకు చుట్టుకుంటుంది. అక్కడ 'సిబ్బంది వెళ్లేసరికే తాళం పగిలి ఉంది' అనాలి. 'బడు' కనిపించిన చోటల్లా కొట్టేయడమూ పొరపాటే. నిలబడటం, తడబడటం కర్మణి కావు, మన నోట్లో పుట్టిన మాటలే.

ఇప్పుడు నీ నోటీసులో అసలు చిక్కుకు వస్తాను. 'సరఫరాకు అంతరాయం' అన్నావు. దాన్ని క్రియ చేయడానికి నేను కూర్చుంటే కలం ఆగిపోయింది. నీళ్లు అసలు రావా? సన్నగా వస్తాయా? పొద్దున రాక సాయంత్రం వస్తాయా? 'అంతరాయం' ఈ మూడింటికీ సరిపోతుంది, అందుకే ఆఫీసులకు అది ప్రాణం. ఆ మాట రాసినవాళ్లకు కూడా జవాబు తెలియకపోవచ్చు. నామవాచకం ఆ తెలియనితనాన్ని కప్పేస్తుంది, క్రియ కప్పదు. కాబట్టి తిరగరాసేముందు ఇంజనీరు గారికి ఫోన్ చేయి. రెండు రోజులూ చుక్క కూడా రాదని ఆయన చెబితే నోటీసు ఇలా ఉంటుంది:

"పెద్ద పైపులైను బాగుచేస్తున్నాం. ఈ నెల 14, 15 తేదీల్లో 3, 4, 7 వార్డులకు తాగునీళ్లు రావు. ముందే పట్టి ఉంచుకోండి."

17 మాటలు, సగం కన్నా తక్కువ. 'పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా' పోయినందుకు బెంగ వద్దు. మున్సిపాలిటీ కాగితం మీద ఊళ్లో అతికించిన నోటీసు ఊరివాళ్లకేనని ఊరివాళ్లకు తెలుసు. మిగిలిన చోటులో ట్యాంకరు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలకు వస్తుందో రాయి. నోటీసు చదివేవాళ్లు వెతికేది దానికోసమే.

బలమైన క్రియ అనగానే పత్రికల్లో కొందరు కుర్రాళ్లు 'విరుచుకుపడ్డారు', 'నిప్పులు చెరిగారు' అని మొదలుపెడతారు. అది బలం కాదు, కేక. నేననే బలం జరిగినదాన్ని సరిగ్గా పట్టుకోవడం. నీ చిత్తుప్రతితో పాటు ఉన్న ఫిర్యాదుల పట్టికలో 'నీటి లీకేజీ సంభవిస్తున్నది' అని వరసగా రాసి ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లెవరూ అలా అని ఉండరు. పైపు అతుకు దగ్గర నీళ్లు కారుతున్నాయని ఒకరు, రోడ్డు మీదకు చిమ్ముతున్నాయని ఒకరు, ఇంటి ముందు నేలలోంచి ఊరుతున్నాయని ఒకరు చెప్పి ఉంటారు. కారితే అతుకు వదులైంది. చిమ్మితే పైపు పగిలింది, ఒత్తిడి కూడా ఉంది, ముందు వాల్వు మూయాలి. ఊరితే లోపల ఎక్కడుందో తవ్వి చూడాలి. మూడు క్రియలకు మూడు రకాల పనిముట్లు. ముగ్గురి మాటా ఒకే 'సంభవించడం'లో కలిపేశాక ఫిట్టరు ఏం పట్టుకెళ్లాలి?

అన్నిటినీ ఇలా విప్పకు. 'తాగునీటి సరఫరా విభాగం' పేరు, దాన్నలాగే ఉంచు. చట్టంలోంచి తెచ్చిన మాటలు, టెండరు కాగితాల్లో నిర్వచనం ఉన్న మాటలు ముట్టుకోవద్దు. 'తనిఖీ'కి బదులు 'చూశారు' అంటే తేలికే గానీ, దస్త్రంలో ఆ రెండూ ఒకటి కావు.

'బాగుచేస్తున్నాం' అన్నచోట కమిషనర్ గారు ఆగవచ్చు. ఆఫీసు 'మేము' అనకూడదని చాలామందికి పట్టింపు. వాదించకు. 'మున్సిపాలిటీ పెద్ద పైపులైను బాగుచేస్తోంది' అని మార్చి ఇవ్వు, ఒక్క మాట పెరుగుతుంది అంతే. ఆయన 'మరమ్మతు పనులు చేపట్టబడుచున్నవి' అని పట్టుబడితే మొదటి వాక్యం ఆయనకు వదిలేసి, రెండో వాక్యంలోని 'రావు'ను మాత్రం కాపాడుకో. ఇంజనీరు గారి జవాబు, ట్యాంకరు వేళలు తెలిశాక మళ్లీ పంపు, చూస్తాను.

పెదనాన్న