“22 సైకిలు అమ్మబడును” – ఈ కాగితాన్ని చదవడం ఎలా?



మన బేస్తవారిపేటలో ఏ టీ కొట్టు గోడకో ఇలాంటి కాగితం అంటించి ఉందనుకోండి: “పాత సైకిలు అమ్మబడును. సైజు 22. కొంచెం వాడకం ఉన్నది. ఫిట్టింగు చేసుకోవలెను. రూ. 1,800.” డబ్బు ఇచ్చేముందు ఇందులోని ప్రతి మాటనూ కొలిచి చూడాలి.

22 అంటే చక్రం అనుకుంటారు చాలామంది. పాత రకం పెద్ద సైకిళ్ళలో 22కైనా, 24కైనా చక్రం 28 అంగుళాలదే. 22 అన్నది ఫ్రేము సైజు. అంటే పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు కింది గొట్టం పైకొస వరకు ఉన్న పొడవు. లేడీస్ సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళ దగ్గర మాత్రం 26, 20 అని చక్రాన్నే చెబుతారు. కాబట్టి ఏ కొలతో అడగండి. బారుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, బారుకు పైన ఒకటి రెండు అంగుళాల సందు మిగలాలి. సీటును కొంత ఎత్తుకోవచ్చు, ఫ్రేమును మాత్రం తగ్గించలేం.

ఇక “కొంచెం వాడకం”. దీన్ని చైను చెబుతుంది, చూడటానికి మన 12 అంగుళాల స్కేలు చాలు. చైను సాగిందంటారు గానీ ఇనుము సాగదు. పిన్నులు, వాటి రంధ్రాలు అరిగి లింకు లింకుకూ వెంట్రుకవాసి సందు వస్తుంది. చైనును బిగువుగా పట్టి, స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. అక్కడినుంచి 24వ పిన్ను మధ్యభాగం కొత్త చైనులో సరిగ్గా 12 దగ్గర ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే చైను మార్చాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే చైన్ వీలు, ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగినట్టే. ఆ పళ్ళ మీద కొత్త చైను వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు టక్కున జారుతుంది.

“ఫిట్టింగు” అంటే చాలాసార్లు పెడళ్ళు ఊడదీసి ఇస్తారని అర్థం. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. తొక్కేటప్పుడు తనంతట తాను ఊడకుండా అలా చేశారు. ఇరుసు చివర L, R అని కొట్టి ఉంటుంది, చూసుకోండి. మార్చి బలవంతంగా ఎక్కిస్తే రాడ్డులోని మర పాడవుతుంది, అప్పుడు రాడ్డే కొనాలి.

పై సైకిలు చైను మూడు మిల్లీమీటర్లు దాటిందనుకుందాం. షాపతను చైను, రెండు పళ్ళ చక్రాలు, బిగింపు కలిపి 900 చెబితే, మీకు అది 1,800 సైకిలు కాదు, 2,700 సైకిలు. బేరం ఆ లెక్కతో మొదలుపెట్టండి.

అయితే హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట రంగు పగిలి, సన్నని తుప్పు గీత కనబడితే అది ఫ్రేము పగులు కావచ్చు. అలాంటిదాన్ని ఎంతకిచ్చినా కొనకండి.