వెన్న ఎప్పుడు నెయ్యి అవుతుంది? చెవి, కన్ను, ముక్కు చెప్పే లెక్క

వెన్న కాచేటప్పుడు చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. గిన్నె పొయ్యి మీద పెట్టి పావుగంట గడిచినా అదే చిటపట, అదే నురగ. ఈలోగా ఇంకో పని చూసుకుని రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి అడుగు నల్లబడి, వంటిల్లంతా మాడు వాసన నిండిపోతుంది. పావుగంట మారనిది రెండు నిమిషాల్లో ఎలా మారింది? జవాబు వెన్నలో ఉన్న నీటిలో ఉంది. ఆ ఒక్క విషయం అర్థమైతే మంట ఎంత ఉంచాలో, ఏ గుర్తు చూసి దించాలో తెలిసిపోతుంది.

వెన్నలో ఏముంది?

దుకాణంలో దొరికే ఉప్పు లేని వెన్న అర కిలో తీసుకుందాం. అందులో దాదాపు 410 గ్రాములు పాలకొవ్వు, 80 గ్రాములు నీరు ఉంటాయి. మిగిలిన 10 గ్రాములు పాలలోని ప్రోటీన్లు, లాక్టోజ్ అనే చక్కెర, కొద్దిగా లవణాలు. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్నలో నీరు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువన్నది దాన్ని ఎంత బాగా కడిగి, పిండి ముద్ద చేశారన్న దాన్నిబట్టి మారుతుంది.

వెన్న ముద్దలో నీరు కంటికి కనిపించదు. కొవ్వు మధ్య సన్నని బిందువులుగా చిక్కుకుని ఉంటుంది. వెన్న కరగగానే ఆ కట్టు వీడిపోతుంది. కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది, నీరు అడుగుకు దిగుతుంది. ప్రోటీన్లలో కొన్ని నురగలో చిక్కి పైన తేలితే, మిగిలినవి నీటితో పాటు కిందికి చేరతాయి. నెయ్యి కాచడమంటే ఈ నీటిని పూర్తిగా ఆవిరి చేసి, మిగిలిన పాల పలుకులను కమ్మని వాసన వచ్చేదాకా వేయించడం. ఈ రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. రెండింటికీ కావలసిన మంట మాత్రం ఒకటి కాదు.

ఆగిపోయే వేడి, ఎగిసిపడే వేడి

గిన్నెలో నీరు మరుగుతున్నంతసేపూ అందులోని పదార్థం ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలబడిపోతుంది. పొయ్యి ఇచ్చే వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 జౌళ్ల శక్తి కావాలి. 80 గ్రాములకు అది దాదాపు 180 కిలోజౌళ్లు. సన్నని మంట నుంచి గిన్నెలోకి నికరంగా సెకనుకు 200 జౌళ్లు చేరుతున్నాయనుకుంటే, ఈ నీరు పోవడానికి 15 నిమిషాలు పడుతుంది.

నీరు పోయాక లెక్క పూర్తిగా మారిపోతుంది. ఒక గ్రాము కొవ్వును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 2 జౌళ్లు చాలు. అంటే 410 గ్రాముల కొవ్వు 10 డిగ్రీలు పెరగడానికి 8 కిలోజౌళ్ల పైచిలుకు సరిపోతుంది. అదే మంట మీద అది ముప్పావు నిమిషం లోపు పని! పావుగంట 100 దగ్గర ఆగిన వేడి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాల్లో 130 దాటగలదన్నమాట. నిజానికి చివరి నీరు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గుతుంది కనుక ఈ మలుపు ఇంత పదునుగా ఉండదు. అయినా మాడిపోవడానికి అసలు కారణం ఇదే.

అందువల్ల మంట రెండు దశల్లో ఉండాలి. వెన్న కరిగి మరుగు పట్టాక నీరు జోరుగా పోతున్నంతసేపూ మధ్యస్థమైన మంట ఉంచవచ్చు. మరుగు తగ్గుముఖం పట్టగానే చిన్న బర్నర్ మీద, సన్నని సెగకు మార్చాలి. మంట మొదటినుంచీ పెద్దగా ఉంటే రెండు నష్టాలు ఒకేసారి వస్తాయి. అడుగున అంటుకున్న పలుకులు మాడిపోతాయి, పైన మాత్రం ఇంకా నీరు మిగిలి ఉంటుంది. గిన్నె అడుగు మందంగా ఉండాలి. లోతు కూడా కావాలి, వెన్న కరిగాక సగానికి మించి నిండకూడదు, లేకపోతే నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది. మూత పెట్టకూడదు. పెడితే ఆవిరి మూతకు తగిలి చుక్కలై మళ్లీ గిన్నెలోనే పడుతుంది.

మొదట చెప్పేది చెవి

అడుగున ఉన్న నీరు ఆవిరి బుడగలై, పైనున్న కొవ్వును చీల్చుకుని బయటికి వస్తుంది. మనం వినే చిటపట అదే. కాబట్టి ఆ చప్పుడు నీరు ఇంకా ఎంత ఉందో చెప్పే కొలమానం. మొదట దబదబమని పెద్ద చప్పుడుతో తెల్లని నురగ, పెద్ద బుడగలు వస్తాయి. తర్వాత చప్పుడు సన్నబడి, విడివిడిగా టపటపమంటుంది. చివరికి దాదాపు సద్దుమణుగుతుంది. ఈ నిశ్శబ్దం వచ్చిందంటే 100 డిగ్రీల కాపలా తొలగిపోయిందని అర్థం. ఇక అక్కడినుంచి పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు.

కరివేపాకు రెబ్బనో మునగాకునో చివర్లో వేసే అలవాటున్న ఇళ్లలో ఆకు కూడా సాక్షి చెబుతుంది. ఆకులోని నీరు పోతున్నంతసేపూ చిటపటమంటుంది, పోయాక గలగలలాడేలా కరకరగా మారుతుంది. ఆకు మెత్తగానే ఉండిపోతే నెయ్యి ఇంకా 100 డిగ్రీల దగ్గరే ఉందనుకోవాలి. కాగిందో లేదో చూడటానికి నీటి చుక్క చిలకరించడం మాత్రం మంచిది కాదు. వేడి కొవ్వులో పడిన చుక్క క్షణంలో ఆవిరై నేతిని పైకి చిమ్ముతుంది.

తర్వాత కన్ను

నీరున్నంతవరకు గిన్నెలోని ద్రవం మజ్జిగ కలిపినట్టు మసకగా ఉంటుంది. నీటి బిందువులూ పాల పలుకులూ కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టడమే దీనికి కారణం. నీరు పోయి పలుకులు అడుగుకు దిగాక ద్రవం తేటబడుతుంది. గరిటెతో నురగను పక్కకు తోస్తే గిన్నె అడుగు స్పష్టంగా కనిపించాలి. ఈ దశలో పెద్ద బుడగలు పోయి, సబ్బు నురగలా సన్నని బుడగల పొర ఒకటి మళ్లీ పైకి లేస్తుంది. పలుకుల మధ్య మిగిలిన చివరి తేమ పోతోందనడానికి అది గుర్తు.

రంగు విషయంలో చాలామంది పొరబడతారు. చూడాల్సింది నేతి రంగు కాదు, అడుగునున్న పలుకుల రంగు. ఆవు పాలకొవ్వులో కెరోటిన్ ఉంటుంది కనుక ఆ నెయ్యి మొదటినుంచీ పసుపుగానే ఉంటుంది. గేదె తన మేతలోని కెరోటిన్‌ను విటమిన్-ఎగా మార్చుకుంటుంది కాబట్టి గేదె నెయ్యి సరిగ్గా కాగినా లేత రంగులోనే ఉంటుంది. పసుపు రంగు కోసం ఎదురుచూస్తూ గేదె వెన్నను కాస్తే మాడిపోవడం ఖాయం. పలుకులు మాత్రం ఏ వెన్నలోనైనా ఒకే దారిలో మారతాయి. తెలుపు, దంతపు రంగు, లేత బంగారు రంగు, ఆపై గోధుమ రంగు. నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో ఇది కనిపించదు. అప్పుడు ఒక చెంచాడు తీసి తెల్లని పింగాణీ పళ్లెంలో పోసి చూడాలి.

చివరి మాట ముక్కుది

మొదట వచ్చే ఆవిరిలో పుల్లటి మజ్జిగ వాసన ఉంటుంది. తోడుపెట్టిన మీగడ వెన్నలో ఇది మరీ ఎక్కువ. నీరు తగ్గేకొద్దీ ఆ పులుపు పోయి, వేడి పాల వాసన మిగులుతుంది. ఉష్ణోగ్రత 110 దాటాక అసలు మార్పు మొదలవుతుంది. పలుకుల్లోని ప్రోటీన్లు, లాక్టోజ్ చక్కెర ఒకదానితో ఒకటి చర్య జరిపి, గోధుమ రంగునూ కొత్త సువాసనలనూ పుట్టిస్తాయి. రొట్టె కాలినప్పుడు, వేరుశనగ వేగినప్పుడు జరిగేది కూడా ఇదే. దీన్ని మైలార్డ్ చర్య అంటారు. కొవ్వు నుంచి వచ్చే లాక్టోన్లు అనే సువాసన పదార్థాలు కూడా దీనికి తోడవుతాయి. ఈ రెండూ కలిసినదే మనం కమ్మదనం అనేది.

వేయించిన గింజలను తలపించే ఈ వాసన స్పష్టంగా వచ్చి, పలుకులు లేత బంగారు రంగులో ఉన్నప్పుడే మంట ఆపేయాలి. గోధుమ రంగు వచ్చేదాకా ఆగకూడదు. మందపాటి గిన్నె అడుగులో దాగిన వేడి, పొయ్యి ఆపాక కూడా పలుకులను వేయిస్తూనే ఉంటుంది. ఇళ్లలో సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల మధ్య దించడం సరైనది. వంట థర్మామీటర్ ఉంటే దాని మొన అడుగుకు తగలకుండా నేతి మధ్యలో ఉంచాలి.

ముక్కుకు ఒక పరిమితి ఉంది. ఒకే వాసనలో పావుగంట ఉంటే అది అలవాటు పడి, మార్పును పట్టుకోలేదు. అందుకే చప్పుడు తగ్గుతున్నప్పుడే, అంటే అది పూర్తిగా ఆగకముందే, సెగ తగ్గించి ఓ అర నిమిషం కిటికీ దగ్గర గాలి పీల్చి రావడం మేలు.

తేడా ఎక్కడ వచ్చిందో తెలిసేదెలా?

తక్కువ కాగిన నేతిలో నీరు మిగులుతుంది. అలాంటి నెయ్యి చల్లారాక అడుగున తెల్లటి చెమ్మ కనిపిస్తుంది, మళ్లీ వేడి చేస్తే చిటపటమంటుంది, కొద్ది రోజుల్లోనే పులిసిన వాసన వస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం నేతిలో తేమ 0.5 శాతం మించకూడదు. కొన్న వెన్నయితే దీన్ని తూకంతో సుమారుగా సరిచూసుకోవచ్చు. కాచకముందు గిన్నెతో సహా తూచి, కాగి కొంచెం చల్లారాక, వడకట్టక ముందే మళ్లీ తూచాలి. అర కిలోకు 80 గ్రాముల దాకా తగ్గి ఉండాలి. 50 గ్రాములే తగ్గితే నీరు ఇంకా ఉన్నట్టే. దాన్ని సన్నని సెగ మీద తిరిగి కాచుకోవచ్చు. ఇంటి వెన్నలో నీరు ఎంతో ముందే తెలియదు కనుక ఈ తూకం దానికి పనికిరాదు, అక్కడ చప్పుడే ఆధారం.

ఎక్కువ కాగితే మాత్రం దిద్దుకునే దారి లేదు. మాడిన పలుకులను వడకట్టి తీసేయవచ్చు గానీ వాటి వాసన అప్పటికే కొవ్వులో కరిగిపోయి ఉంటుంది. తరచూ అడుగు అంటి మాడుతుంటే మంటతో పాటు వెన్ననూ చూడాలి. మజ్జిగ సరిగా పోని వెన్నలో ప్రోటీన్, లాక్టోజ్ ఎక్కువ కాబట్టి గసి ఎక్కువగా వచ్చి త్వరగా నల్లబడుతుంది. చల్లని నీటితో రెండుసార్లు కడిగితే చాలు. నీరు తేటగా వచ్చేదాకా పదేపదే కడిగితే కమ్మదనానికి మూలమైన ఆ పదార్థాలే కొట్టుకుపోతాయి.

దించిన నెయ్యిని కొద్దిసేపు కదపకుండా ఉంచితే గసి అడుగుకు చేరుతుంది. అప్పుడు తడి లేని వడపోతతో పొడి సీసాలోకి వడకట్టి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. పూసకట్టిన నెయ్యి కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడిమి దగ్గరే నిదానంగా చల్లారనివ్వాలి. పాలకొవ్వులో ఎక్కువ వేడికి గానీ కరగని భాగాలు ముందుగా గడ్డకడతాయి. వాటికి సమయం ఇస్తే పెద్ద పెద్ద పూసలుగా పెరుగుతాయి. ఒక్కసారిగా చల్లబడితే కంటికి కనిపించనంత సన్నని పూసలే ఏర్పడి, నెయ్యి నున్నగా పేరుకుంటుంది. ఈ తేడా చూపుకూ నాలుకకూ తెలుస్తుంది గానీ, నెయ్యి సరిగ్గా కాగిందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు.