ప్రజా వస్తువులు – పంట కాలువ చెప్పే పాఠం

'ప్రజా వస్తువు' అనగానే ప్రభుత్వం ప్రజలకు ఉచితంగా ఇచ్చే వస్తువు అని చాలామంది విద్యార్థులు భావిస్తారు. ఇది సరి కాదు. చౌక ధరల దుకాణంలో ప్రభుత్వం ఇచ్చే బియ్యం ఆర్థిక శాస్త్ర దృష్టిలో ప్రజా వస్తువు కాదు. ఒక దాత తన సొంత సొమ్ముతో వేయించిన వీధి దీపం మాత్రం ప్రజా వస్తువే. వస్తువు తరగతిని నిర్ణయించేది దానిని సరఫరా చేసేవారెవరు అన్నది కాదు. జనులు దానిని ఏ విధంగా అనుభవిస్తారు అన్నది.

రెండు ప్రశ్నలు

ఏ వస్తువునైనా రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చును. మొదటిది: ఒకరు అనుభవించినందువల్ల మరొకరికి మిగిలేది తగ్గుతుందా? తగ్గితే దానిలో స్పర్థ ఉన్నదని అంటాము. రెండవది: వెల చెల్లించని వానిని ఆ వస్తువు అనుభవించకుండా తక్కువ ఖర్చుతో ఆపగలమా? ఆపగలిగితే దానికి వర్జనీయత ఉన్నదని అంటాము. 1954లో పాల్ శామ్యూల్‌సన్ ఒక చిన్న వ్యాసంలో మొదటి ప్రశ్నకు గణిత రూపం ఇచ్చారు. 1977లో విన్సెంట్ ఆస్ట్రమ్, ఎలినార్ ఆస్ట్రమ్ దంపతులు రెండు ప్రశ్నలనూ కలిపి వస్తువులను నాలుగు గళ్ళలో అమర్చి చూపారు.

ఎరువు బస్తాలో స్పర్థ, వర్జనీయత రెండూ ఉన్నాయి. అది ప్రైవేటు వస్తువు. సగం ఖాళీగా ఉన్న సినిమా హాలులో స్పర్థ లేదు, కాని టిక్కెట్టు లేనివాడు గుమ్మం వద్దనే ఆగిపోతాడు. ఇటువంటిది క్లబ్బు వస్తువు. వీధి దీపపు వెలుగులో స్పర్థా లేదు, వర్జనీయతా లేదు. ఇదే శుద్ధ ప్రజా వస్తువు. చెరువులోని చేప ఒకరు పట్టుకుంటే మరొకరికి దక్కదు, అయినా ఊరిలో పట్టేవారినందరినీ ఆపడం కష్టం. అటువంటి దానిని ఉమ్మడి వనరు అంటారు.

ఒకే కాలువలో రెండు వస్తువులు

ఈ వర్గీకరణ ప్రయోజనం పంట కాలువ వద్ద చక్కగా తెలుస్తుంది. కాలువలో పారే నీరు ఉమ్మడి వనరు. పై రైతు మడికి మళ్ళించిన నీరు కింది రైతుకు రాదు. కాని కాలువలో పూడిక తీయడం అనే పని ఆ కాలువ కింది రైతులకు ప్రజా వస్తువు వంటిది. కాలువ బాగుపడితే ఆ మేలు చందా ఇచ్చినవాని పొలానికీ, ఇవ్వనివాని పొలానికీ ఒకే విధంగా అందుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాము. ఒక కాలువ కింద 100 మంది రైతులకు తలా ఒక ఎకరం ఉన్నదనుకొందాము. పూడిక తీయడానికి 20,000 రూపాయలు కావాలి. తీస్తే ఒక్కొక్క రైతుకు 500 రూపాయల అదనపు పంట వస్తుంది. ఊరికి మొత్తం 50,000. తలా 200 రూపాయలు వేసుకొంటే ఒక్కొక్కరికి 300 రూపాయలు మిగులుతుంది. ఇంత లాభసాటి పని ఎందుకు ఆగిపోతుంది?

ఒక్క రైతు పక్షాన ఆలోచించండి. అతడిచ్చే 200 రూపాయలతో నూరవ వంతు పూడిక తొలగుతుంది. దానివల్ల ఊరికి 500 రూపాయల మేలు కలుగుతుంది కాని, అది నూరుగురికి పంచబడి అతని వంతుకు వచ్చేది 5 రూపాయలే. ఇతరులు ఇచ్చినా, ఇవ్వకపోయినా అతనికి ఈ లెక్క మారదు. 200 ఇచ్చి 5 తీసుకోవడం కంటే ఊరకుండడమే మేలని అతనికి తోస్తుంది. నూరుగురూ ఇదే విధంగా తలిస్తే పని జరగదు. ఒక్కొక్కరూ 300 రూపాయలు పోగొట్టుకొంటారు. బండికి కిరాయి ఇవ్వకుండా ఎక్కి కూర్చున్నవానితో పోల్చి దీనిని ఫ్రీ రైడర్ సమస్య అన్నారు. దీనికి దుర్బుద్ధి అవసరం లేదు, లెక్క తెలిస్తే చాలును. 1965లో మాన్‌కర్ ఓల్సన్ తన గ్రంథంలో, సమూహం పెద్దదైన కొద్దీ ఈ చిక్కు బలపడుతుందని వాదించారు.

కర్నూలు గ్రామాల అనుభవం

మరి లోకంలో ఉమ్మడి పనులు ఎట్లా జరుగుతున్నాయి? 1970ల చివరి సంవత్సరాలలో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది గ్రామాలను పరిశీలించి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే గ్రంథం వెలువరించారు. కొన్ని గ్రామాలలో చట్టబద్ధమైన పంచాయతీతో సంబంధం లేని ఒక పెద్దల సభ, ఒక ఉమ్మడి నిధి, పంటలకు కాపలాదారులు, పొలాలకు నీరు పారించే ఉమ్మడి మనుషులు ఉండటం ఆయన చూశారు. అదే కాలువ మీది మరికొన్ని గ్రామాలలో ఇవేవీ లేవు.

నిధి సమకూరిన తీరు గమనింపదగినది. కోత అయిన తరువాత ఊరి పొలాలలో మిగిలిన మోళ్ళను మేయడానికి గొర్రెల మందలు వచ్చేవి. ఆ మేత హక్కును ఊరంతటి తరఫున సభ కాపరులకు అమ్మేది. సొమ్ము కట్టని మందను పొలిమేర వద్ద ఆపవచ్చును. కనుక మేతకు వర్జనీయత ఉన్నది. వర్జనీయత గల ఒక వస్తువును అమ్మి, వర్జనీయత లేని ఊరి ఉమ్మడి పనులకు ఖర్చు పెట్టారన్నమాట. ఇంటింటికీ తిరిగి చందా అడిగే అవసరం తగ్గిపోయింది.

ఏ గ్రామాలు ఈ ఏర్పాటు చేసుకొన్నాయి? ముఖ్యంగా కాలువ చివర ఉన్నవి. కాలువ మొదట నీరు పుష్కలం గనుక అక్కడ సభ లేకున్నా పంటకు నష్టం స్వల్పం. చివర నీరు తప్పితే పంటే పోతుంది. ఉమ్మడి కట్టుబాటు జనుల మంచితనం కంటే అది లేనందువల్ల కలిగే నష్టం మీద ఆధారపడుతుందని దీనివలన గ్రహించవచ్చును.

ఎగవేతను గుర్తించడం

రెండవ మార్గం నిర్బంధం. పన్ను ఈ కోవకు చెందినదే. మద్రాసు రాజధానిలో 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం, చెరువులు, కాలువల పనికి ఆచారం ప్రకారం రావలసిన శ్రమ ఇవ్వని వానిచేత దాని విలువకు రెట్టింపు వసూలు చేయడానికి వీలు కల్పించింది.

కాని నిర్బంధించే ముందు ఒక విచారణ అవసరం. చందా ఇవ్వని ప్రతివాడూ ఫ్రీ రైడర్ కాడు. పూడిక తీసినా చివరి మడికి నీరు రాదని అనుభవంతో తెలిసిన రైతు చందా ఇవ్వకపోతే అతడు మేలు పొంది ఎగవేసినవాడు కాడు, మేలు అందనివాడు. సొంత బోరుబావి తవ్వుకొని కాలువను విడిచినవాని సంగతీ ఇంతే. ఇవ్వనివారి పేర్లను వారి పొలాల స్థానంతో సరిపోల్చి చూడాలి. వారు కాలువ పొడవునా చెదిరి ఉంటే అది చాలావరకు ఎగవేత; వసూలు పద్ధతిని బాగుచేయాలి. చివరనే గుమిగూడి ఉంటే అది పంపిణీ లోపం; ముందు నీరు అక్కడికి చేర్చాలి. మొదటి రోగానికి ఇచ్చే మందు రెండవ రోగానికి వాడితే, మేలు పొందనివాని మీద జరిమానా వేసినట్లవుతుంది.

కనుక నాలుగు గళ్ళ పట్టికను కంఠస్థం చేయడంతో ఈ పాఠం పూర్తి కాదు. గళ్ళు వస్తువు మీద శాశ్వతంగా వేసిన ముద్రలు కావు. కాపలా ఉన్న పొలిమేరలో మేత అమ్మదగిన వస్తువు. కాపలా లేనిచోట అదే మేత ఎవరికి దొరికితే వారిది. ఆపడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగిన పిమ్మటనే ఏ వస్తువు ఏ గడిలో చేరునో చెప్పగలము.